రోడ్డు పక్క రాయి మీద గాజుల చెయ్యి: ఏమిటది, ఎలా చదవాలి

ప్రశ్న: గైడ్ గారికి నమస్కారం. పోయిన వారం హైదరాబాద్ నుంచి కొలనుపాక వెళ్తూ ఆలేరు దాటాక కాసేపు ఆగాం. రోడ్డు పక్క వేపచెట్టు కింద నడుము ఎత్తున ఒక రాయి పాతి ఉంది. పైన గుండ్రంగా ఒకటి, నెలవంక లాంటిది ఒకటి చెక్కి ఉన్నాయి. వాటి కింద కత్తి పట్టుకున్న మనిషి. ఆయన పక్కనే ఒక గుంజ, ఆ గుంజలోంచి వచ్చినట్టుగా మోచేతి దగ్గర మడిచి పైకెత్తిన చెయ్యి, దానికి గాజులు. రాయికి పసుపు కుంకుమ పూశారు. అడుగు భాగం మట్టిలో కూరుకుపోయింది. అక్కడ ఒకాయన అది దేవుడి దీవెన అన్నాడు, ఇంకొకాయన నిధి గుర్తు అన్నాడు. అసలు ఏమిటది? కింద అక్షరాలు ఉంటాయా? తవ్వి చూడొచ్చా?

సమాధానం: నమస్కారం అండీ. అది సతిశిల. భర్త చనిపోయాక ఆయన చితిలో ప్రాణం విడిచిన స్త్రీ జ్ఞాపకంగా నిలిపిన రాయి. పక్కన కత్తి పట్టిన మనిషి ఉన్నాడు కాబట్టి అదే రాయి ఆయనకు వీరగల్లు, అంటే వీరమరణం పొందినవాడి జ్ఞాపకశిల కూడా. భార్యాభర్తలిద్దరి స్మారకం ఒకే రాతి మీద ఉందన్నమాట. అది దీవెన కాదు. నిధితో దానికి ఏ సంబంధమూ లేదు. అక్షరాలు ఉండే అవకాశం ఉంది, కానీ దయచేసి తవ్వకండి. ఎందుకో కింద చెబుతాను.

మీ వర్ణనలో తేల్చి చెప్పేది ఒక్కటే: గుంజ, మోచెయ్యి, గాజులు, ఈ మూడూ కలిసి ఉండటం. చాలామంది సూర్యచంద్రుల్ని చూసి అర్థం లాగబోతారు, అక్కడే దారి తప్పుతుంది. సూర్యుడు, నెలవంక అన్ని రకాల పాత రాళ్ల మీదా ఉంటాయి. భూదాన శాసనం మీద, పొలిమేర రాయి మీద, వీరగల్లు మీద, సతిశిల మీద కూడా. ఆ చంద్రసూర్యులు ఉన్నంతకాలం ఈ మాట, ఈ పేరు, ఈ దానం నిలవాలని వాటి ఉద్దేశం. రాయి ఎవరిదో, దేనికోసమో అవి చెప్పవు. అది చెప్పేది వాటి కింద ఉన్న బొమ్మ.

ఇలాంటి సతిశిలలో చెయ్యి ఒక మనిషి భుజం నుంచి రాదు. నిలువుగా ఒక గుంజ ఉంటుంది. దాని మధ్య నుంచో పైభాగం నుంచో పైచెయ్యి అడ్డంగా బయటికి వస్తుంది, మోచేతి దగ్గర ఒక్కసారిగా మడిచి ముంజెయ్యి పైకి లేస్తుంది. అరచెయ్యి తెరిచి, వేళ్లు ఆకాశం వైపు ఉంటాయి. మణికట్టు నుంచి వరసగా గాజులు. కొన్ని రాళ్ల మీద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిమ్మపండు పట్టుకుని ఉంటుంది. అరిగిపోయిన రాతి మీద ఆ నిమ్మపండు ఒక చిన్న ఉబ్బుగా మాత్రమే మిగులుతుంది, చూసి వేలు విరిగిందేమో అనుకుంటారు. గాజులు పగలకుండా చెక్కడంలోనే శిల్పి చెప్పదలచుకున్నది ఉంది: ఈమె ముత్తైదువగానే వెళ్లిపోయింది, గాజులు తీసే రోజు ఆమెకు రాలేదు అని. పసుపు కుంకుమ పూసే వాడుక కూడా దాంతో ముడిపడినదే. తెలుగు ఊళ్లలో ఇలా పోయినవారిని పేరంటాలు అని పిలిచి పూజించిన ఆచారం పాతది. మీరు చూసిన రాతికి పూసినవాళ్లకు ఆ సంగతి తెలిసి ఉండాలనేమీ లేదు. అమ్మవారు అనుకుని పూసి ఉండవచ్చు.

చేతుల్ని లెక్కపెట్టండి. ఒక చెయ్యి ఉంటే ఒక స్త్రీ, రెండు చేతులుంటే ఇద్దరు. పెద్ద కుటుంబాల రాళ్ల మీద ఒక వీరుడి పక్కన ఒకటికి మించిన చేతులు కనిపిస్తాయి. కొన్ని రాళ్ల మీద చెయ్యికి బదులు నిలబడ్డ స్త్రీ బొమ్మే ఉంటుంది, ఒక చెయ్యి పైకెత్తి, ఇంకో చేతిలో అద్దమో నిమ్మపండో పట్టుకుని. అదీ సతిశిలే.

దేనితో పొరపడతారు? హైదరాబాద్ చుట్టుపక్కల చెయ్యి బొమ్మ కనిపించే చోట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఆశూర్‌ఖానాల దగ్గర, పీర్ల చావడుల దగ్గర పంజా ఉంటుంది. అది అరచెయ్యి మాత్రమే, అయిదు వేళ్లు విప్పి ఉంటాయి. దానికి మోచెయ్యి ఉండదు, గాజులు ఉండవు. దేవతామూర్తి అభయహస్తం అయితే ఆ చెయ్యి మూర్తి భుజానికి కలిసి ఉంటుంది, ఛాతీ ఎత్తులో నిలుస్తుంది. గుంజ ఉండదు. ఇక పేడలోనో పసుపులోనో చెయ్యి ముంచి గోడకు అద్దిన ముద్రలు చెక్కడాలే కావు, వేలితో తడిమితే తెలిసిపోతుంది. మీరు చెప్పినదాంట్లో మోచెయ్యి, గుంజ, గాజులు మూడూ ఉన్నాయి. అందుకే నేను అనుమానం లేకుండా చెప్పగలుగుతున్నాను.

ఒక చిక్కు మాత్రం ఉంది. వీరగల్లుల్లోనే ఆత్మబలి రాళ్లని ఒక రకం. దేవుడికి తన తల తానే నరుక్కుని అర్పించుకున్నవాళ్లవి. శ్రీశైలంలో రెడ్డిరాజు అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపం ఇలాంటి అర్పణలకు సంబంధించినదే. ఆ రాళ్ల మీద కూడా మనిషి చేతిలో కత్తి ఉంటుంది, కానీ కత్తి అంచు ఎటు తిరిగి ఉందో చూడాలి. యుద్ధవీరుడి కత్తి ఎదుటివాడి వైపో, పైకో ఉంటుంది, రెండో చేతిలో డాలు ఉంటుంది. ఆత్మబలి చేసేవాడి కత్తి తన మెడ మీదే ఉంటుంది, రెండో చెయ్యి జుట్టు పట్టుకుని ఉంటుంది. మీ ఫొటో ఉంటే జూమ్ చేసి ఆ రెండో చెయ్యి ఏం చేస్తోందో చూడండి. డాలు అయితే గుండ్రటి పలక, మధ్యలో చిన్న బొడిపె కనిపిస్తాయి.

ఇప్పుడు మట్టిలో ఉన్న భాగం సంగతి. వీరగల్లుల్ని అంతస్తులుగా చెక్కేవారు, కింది నుంచి పైకి చదవాలి. అడుగు అరలో పోరు: గుర్రమో, ఎదురుగా శత్రువో, ఆవుల మందో. ఆవులు ఉంటే పశువుల్ని తోలుకుపోయేవాళ్లని అడ్డుకుంటూ చనిపోయాడని అర్థం. మధ్య అరలో ఆ వీరుణ్ని అప్సరసలు రెండు పక్కలా పట్టుకుని పైకి తీసుకెళ్తుంటారు. పై అరలో శివలింగం, నంది, చేతులు జోడించి కూర్చున్న వీరుడు, అంటే కైలాసం చేరాడని. వాటన్నిటికీ మీద సూర్యచంద్రులు. చిన్న రాళ్ల మీద ఈ మూడూ ఉండవు, ఒక్క అరలోనే అన్నీ కుదిస్తారు. మీరు చూసినది నడుము ఎత్తుదే, సూర్యచంద్రుల కింద నేరుగా వీరుడు, చెయ్యి వచ్చాయి. కాబట్టి అది ఒకే అర ఉన్న రకం కావచ్చు. లేదా మట్టి కింద పోరు అర ఒకటి దాగి ఉండవచ్చు. పైన కనిపించే వీరుడి పాదాలు చూడండి. పాదాల కింద ఒక అడ్డగీత, పట్టీలాగా, ఉంటే అర అక్కడితో ముగిసింది. ఆ పట్టీ మీదే చాలాసార్లు అక్షరాలు చెక్కుతారు. పాదాలే మట్టిలో ఉంటే ఇంకా బొమ్మ ఉందని అర్థం.

తవ్వొద్దని ఎందుకంటున్నానంటే మొదటి కారణం రాయి భద్రత. ఇలాంటి రాళ్లకు కింద పునాది ఉండదు. గుంతలో నిలబెట్టి మట్టి కూరినవే. ఒక పక్క మట్టి తీస్తే నిలువు తప్పి పడతాయి. పలచటి రాయి పడితే సరిగ్గా మట్టి మట్టానికి పగులుతుంది, అంటే అక్షరాలుండే చోటే. రెండో కారణం, చుట్టూ ఉన్న మట్టిలో కుండపెంకులు, బూడిద, కింది రాళ్ల పొర లాంటివి ఉంటే అవి ఉన్న వరసే సాక్ష్యం. గునపం పడ్డాక ఆ వరస మళ్లీ దొరకదు. తెలంగాణకు 2017లో వచ్చిన వారసత్వ చట్టం ఉంది. తవ్వకం అనుమతి ఉన్న శాఖ చెయ్యాల్సిన పని, దారిన పోయేవాళ్లు చేసేది కాదు.

నిధి మాట అన్నాయన గురించి కూడా గట్టిగా చెప్పాలి. ఈ మాట వల్లే మన దగ్గర రాళ్లు ఎక్కువగా పోతున్నాయి. పైకెత్తిన చెయ్యి దిక్కు చూపిస్తోందని, సూర్యుడున్న వైపు ఇన్ని అడుగులని లెక్కలు కట్టి రాత్రిపూట తవ్వేస్తారు. ఆలోచించండి: దాచుకునేవాడు దారిన పోయే అందరికీ కనిపించేలా, ఊరంతా చూసేలా రాయి చెక్కించి గుర్తు పెట్టడు. ఈ రాయి పెట్టిందే నలుగురూ చూడాలని, అందుకే చెరువుకట్ట మీదా, ఊరి వాకిట్లో, బాట పక్కన కనిపిస్తుంది. ఒకవేళ ఎక్కడైనా నేలలో ఏదైనా దొరికినా, 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాల్సిందే. ఆ మాట చెబితే చాలామంది వెనక్కి తగ్గుతారు.

మళ్లీ ఆ దారిన వెళ్తే మీరు చెయ్యగలిగింది చాలా ఉంది, తవ్వకుండానే. ముందు వెలుతురు. మిట్ట మధ్యాహ్నం ఎండలో తీసిన ఫొటోలో చెక్కడం చదునుగా కనిపిస్తుంది. పొద్దున్నే ఎండ పక్క నుంచి పడేటప్పుడో, సాయంత్రం పొద్దు వాలేటప్పుడో తియ్యండి. రాయి ముఖం ఉత్తరానికి ఉంటే ఏడాదిలో చాలా రోజులు ఎండ నేరుగా పడదు. అప్పుడు మంచి టార్చి ఒకటి పట్టుకుని, చీకటి పడ్డాక, రాతి ముఖానికి దాదాపు ఆనించినట్టు పక్క నుంచి వెలుతురు వెయ్యండి. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి పై నుంచి. ఫోనును కదలకుండా దేనికైనా ఆనించి మూడూ ఒకే కోణంలో తియ్యండి. ఎడమ వెలుతురులో కనిపించని నిలువు గీతలు కొన్ని కుడి వెలుతురులో లేస్తాయి, అడ్డగీతలు పై వెలుతురులో లేస్తాయి. పాత తెలుగు లిపిలో తలకట్టు ఉందో లేదో తేల్చడానికి ఆ పై వెలుతురు ఫొటోనే పనికొస్తుంది.

చేతికి దొరికిందల్లా పూయకండి. సుద్ద పూసి ఫొటో తీయడం చాలామందికి అలవాటు. దానివల్ల రెండు నష్టాలు. సుద్దపొడి రాతి సన్నరంధ్రాల్లో దిగి వానకు కూడా పూర్తిగా పోదు. అంతకంటే పెద్దది, సుద్ద పట్టిన మనిషి తనకు అక్షరం అనిపించిన గీతనే దిద్దుతాడు. రాతిలో సహజంగా ఉన్న పగులు అక్షరంలో కలిసిపోతుంది. తర్వాత ఆ ఫొటో చూసినవాళ్లంతా ఆ తప్పు అక్షరమే చదువుతారు. గోధుమపిండి పోస్తే చీమలు చేరతాయి, తడికి బూజు పడుతుంది. ఇనుప బ్రష్షు, గోరు, బ్లేడు అసలు వద్దు. మామూలు నీళ్లు చిలకరిస్తే చాలు, తడిసిన రాయి ముదురు రంగుకు తిరిగి చెక్కడం కాస్త తేలిగ్గా కనిపిస్తుంది. పసుపు, కుంకుమ, నూనె గడ్డకట్టి ఉంటే కూడా మీరు గోకకండి. అది ఊరివాళ్ల పూజ. పైగా ఆ గడ్డ వెంట రాతి పైపొర ఊడివచ్చే ప్రమాదం ఉంది. శాసనాల అచ్చు తడికాగితం వేసి బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది తీస్తారు. దాన్ని నేర్చినవాళ్లే చెయ్యాలి. కాగితం ఎక్కువ తడిస్తే సిరా రాతికి అంటుకుంటుంది, ఆ మరక పోదు.

ఫొటోలతోపాటు ఇవి రాసుకోండి: మట్టి మీద ఎత్తు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో. ముఖం ఏ దిక్కుకు ఉంది. ఫోనులోని మ్యాపు గుర్తు. రాయి రంగు, గరుకుదనం. వెనకవైపు, రెండు పక్కలు. చాలామంది వెనక్కి వెళ్లి చూడరు, శాసనం వెనక ముఖం మీద ఉన్న రాళ్లు ఉన్నాయి. ఇంకొకటి, ఊళ్లో వయసు పైబడిన ఒకరిద్దర్ని అడగండి, ఈ రాయి మొదటి నుంచీ ఇక్కడే ఉందా, రోడ్డు వేసినప్పుడు జరిపారా అని. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు రాళ్లను పక్కకు లాగి చెట్టు కింద ఆనించడం మామూలే. జరిపిన రాయి అయితే అది చూసే దిక్కుకు అర్థం చెప్పుకోకూడదు.

అక్షరాలు కనిపిస్తే తేదీ ఎలా తేల్చుకోవాలో ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువగా తప్పుతారు. శాసనాల్లో శక సంవత్సరం ఉంటుంది, దానికి 78 కలిపితే క్రీస్తుశకం అని అందరికీ తెలుసు. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం తీసుకోండి. శక 1084, చిత్రభాను సంవత్సరం, మాఘమాసం. 1084కి 78 కలిపితే 1162 వస్తుంది. కానీ శాసనం నిజమైన తేదీ 1163 జనవరి. శక సంవత్సరం చైత్రంలో, అంటే మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో మొదలవుతుంది. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండరులో కొత్త ఏడాది వచ్చేస్తుంది. కాబట్టి మాఘ, ఫాల్గుణ మాసాలు ఉంటే 79 కలపాలి, పుష్యం అయితే తిథి చూసి తేల్చాలి. ఇక శక సంవత్సరం అరిగిపోయి ఒక్క చిత్రభాను అన్న పేరే మిగిలితే తేదీ తేలదు. ఆ పేరు అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1162లో మొదలైంది, 1222లోనూ, 1282లోనూ వచ్చింది, మొన్నటి 2002లోనూ చిత్రభానే. అప్పుడు లిపి, రాజు పేరు చూసే నిర్ణయించాలి.

అక్షరాలే లేకపోతే? అప్పుడు శతాబ్దం కూడా కచ్చితంగా చెప్పకూడదు. వీరుడి కొప్పు పక్కకు వాలి ఉందా, పైన ముడి వేసి ఉందా, డాలు ఆకారం ఏమిటి, ఆయుధం బాణమా, కత్తా, తుపాకీయా అని చూసి ఉజ్జాయింపుగా ముందువెనకలు అనగలం. తుపాకీ ఉంటే కాకతీయుల కాలం అనే ప్రశ్నే లేదు. ఊళ్లో ఏ పాత రాయి కనిపించినా కాకతీయులది అనేస్తారు. ఆధారం లేకుండా మీరు ఆ మాట నమ్మకండి, ఇంకొకరికి చెప్పకండి.

ఈ ఆచారం గురించి ఒక మాట. మన దేశంలో సతికి తేదీ ఉన్న తొలి శాసన సాక్ష్యంగా మధ్యప్రదేశ్‌లోని ఎరణ్ స్తంభశాసనాన్ని చెబుతారు, క్రీ.శ. 510 నాటిది. గోపరాజు అనే సేనాని యుద్ధంలో పోతే భార్య చితి ఎక్కిందని అందులో ఉంది. 1829లో బెంగాల్ ప్రెసిడెన్సీలో దాన్ని నిషేధించారు, తర్వాత మిగతాచోట్లా నిషేధం వచ్చింది. 1987 చట్టం ప్రకారం సతిని పొగిడి ఉత్సవాలు చెయ్యడం, దాని పేరుతో గుడి కట్టడం, చందాలు పోగుచెయ్యడం నేరం. ఎప్పుడో జరిగినదైనా సరే. రాయిని ఫొటో తీసి, చదివి, ఉన్నదున్నట్టు రాయడానికి ఏ అడ్డూ లేదు. రాసేటప్పుడు మాత్రం ఆమె ఇష్టంతోనే ఎక్కిందని రాయకండి. ఆ రాయి నిలబెట్టింది బంధువులో, రాజో, ఊరివాళ్లో. వాళ్లు ఎలా గుర్తు పెట్టుకోవాలనుకున్నారో అదే రాతి మీద ఉంది. ఆమె మనసులో ఏముందో అందులో లేదు.

ఫొటోలు, కొలతలు సిద్ధమయ్యాక ఒక కాపీ ఆ ఊరి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి రాష్ట్ర ప్రభుత్వ హెరిటేజ్ తెలంగాణ శాఖకు పంపండి. ఉత్తరంలో ఊరు, మండలం, మ్యాపు గుర్తు, కొలతలు, బొమ్మల వరస ఇంతే ఉండాలి, మీ ఊహలు వద్దు. అక్షరాలు కనిపిస్తే ఆ విషయం మొదటి వాక్యంలోనే రాయండి, అలాంటివాటిని ముందు చూస్తారు. ఈలోగా పోల్చి చూసుకోవాలంటే కొలనుపాకలోనే సోమేశ్వరాలయం ప్రాంగణంలో మ్యూజియం ఉంది. ఆ చుట్టుపక్కల దొరికిన శిల్పాలు, శాసనాలు అక్కడే పెట్టారు. మీ ఫొటో చేతిలో పట్టుకుని డాలు, కొప్పు, పట్టీ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫొటో నాకు పంపితే రెండో చేతిలో ఉన్నది డాలేనా, పాదాల కింద పట్టీ ఉందా అన్నది చూసి చెబుతాను.